మైక్రో అంటే ఎంత? ఆరొందల మందంత!

సర్టిఫికెట్ మీద "మైక్రో" అని కనిపిస్తే చాలు, మనవాళ్ళు అదేదో నలుగురు కుర్రాళ్ళు అద్దె గదిలో నడుపుకునే కంపెనీ అని తేల్చేస్తారు. "మీడియం" అని ఉంటే, పర్లేదు, నిలదొక్కుకున్న సంస్థే అనుకుంటారు. ఉద్యోగంలో చేరేముందు చూసుకునేవాళ్ళూ అంతే, వెండార్‌ని ఎంచుకునే మేనేజర్లూ అంతే. నా గోల ఏంటంటే, ఈ మాటలకీ కంపెనీ సైజుకీ ఉన్న సంబంధం మనం అనుకునేంత లేదు. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల విషయంలో అసలు లేదనే చెప్పొచ్చు.

నేను ప్లీడర్ని కాదు, ఆడిటర్నీ కాదు. వెండార్ల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. అందులో మైక్రో, స్మాల్, మీడియం అని ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. రిపోర్టులు తీసేవాళ్ళు దానికి "కంపెనీ సైజు" అని పేరు పెట్టి పై వాళ్ళకి చూపిస్తుంటారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది :)

ముందు లెక్క ఎలా వేస్తారో చూద్దాం. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పరిమితులు ఇవి. మైక్రో అంటే యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకూడదు. స్మాల్‌కి 25 కోట్లు, 100 కోట్లు. మీడియంకి 125 కోట్లు, 500 కోట్లు. రెండిట్లో ఏ ఒక్కటి దాటినా పై మెట్టే. కిందికి దిగాలంటే మాత్రం రెండూ తగ్గాలి. మన భాషలో రాస్తే ఇంతే (అంకెలన్నీ కోట్లలో):

```python
def level(x, caps):
    return sum(x > c for c in caps)

inv = level(net_investment, [2.5, 25, 125])
trn = level(turnover - exports, [10, 100, 500])
category = ["Micro", "Small", "Medium", "Not MSME"][max(inv, trn)]
```

ఇందులో ఎంతమంది పనిచేస్తున్నారు అనే వేరియబుల్ ఎక్కడైనా ఉందా? లేదు. ఉద్యమ్ దరఖాస్తులో ఉద్యోగుల సంఖ్య అడుగుతారు, మనం నింపుతాం, కానీ వర్గం తేల్చేటప్పుడు దాన్ని ముట్టుకోరు. ఇంకో సంగతి, మూడో లైన్‌లో కాదు, `trn` దగ్గర ఆ మైనస్ గుర్తు చూశారా? ఎగుమతుల ఆదాయాన్ని టర్నోవర్‌లోంచి తీసేస్తారు. 2020 జూన్ 26 నాటి నోటిఫికేషన్‌లోనే ఈ మాట స్పష్టంగా ఉంది. సరుకులైనా సరే, సేవలైనా సరే.

ఇప్పుడు ఒక కంపెనీని ఊహించుకోండి. హైదరాబాద్‌లో ఆరొందల మంది. ఏడాదికి 80 కోట్ల టర్నోవర్, అందులో 72 కోట్లు అమెరికా క్లయింట్ల నుంచి, 8 కోట్లు ఇక్కడి క్లయింట్ల నుంచి. మనిషికో లాప్‌టాప్, ఒక్కోటి 60 వేలు, అంటే 3.6 కోట్లు. ఆఫీసు అద్దెది, సర్వర్లు క్లౌడ్‌లో. కుర్చీలు, బల్లలు ఎలాగూ లెక్కలోకి రావు. ఫర్నిచర్, భూమి, భవనం ఇవేవీ పెట్టుబడిలో కలపరు. క్లౌడ్ బిల్లు ఖర్చు కిందకి పోతుంది కానీ పెట్టుబడి కిందకి రాదు.

పెట్టుబడి అంటే కొన్న ధర కాదు, ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగుదల పోగా మిగిలిన విలువ. కంప్యూటర్లకి తరుగుదల ఏటా 40 శాతం. కాబట్టి ఏడాది మొదట్లో కొన్న 3.6 కోట్ల లాప్‌టాప్‌లు మార్చి 31 కల్లా 2.16 కోట్లు. మరుసటి ఏడాదికి 1.3 కోట్లు. ఆ పై ఏడాదికి 78 లక్షలు.

మొదటి ఏడాది లెక్కే తీసుకుందాం. పెట్టుబడి 2.16 కోట్లు, 2.5 లోపే. ఎగుమతులు పోగా టర్నోవర్ 8 కోట్లు, 10 లోపే. ఆరొందల మంది, 80 కోట్ల టర్నోవర్, సర్టిఫికెట్ మీద "మైక్రో". మోసం లేదు, దొంగ లెక్క లేదు. రూల్ ప్రకారమే.

ఇదే కంపెనీని పాత చట్టాల్లో పెట్టి చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. 2006 చట్టంలో సేవల కంపెనీలకి టర్నోవర్‌తో పనిలేదు, పరికరాల కొన్న ధర ఒక్కటే కొలత. మైక్రోకి 10 లక్షలు, స్మాల్‌కి 2 కోట్లు, మీడియంకి 5 కోట్లు. 3.6 కోట్లు కాబట్టి ఇది మీడియం. 2020 జూలైలో మైక్రో పరిమితులు 1 కోటి, 5 కోట్లు అయ్యాయి, తరుగుదల తీసేయడం మొదలైంది. 2.16, 8 కాబట్టి స్మాల్. 2025లో మైక్రో. ఒక్క మనిషి తగ్గలేదు, ఒక్క కుర్చీ కదల్లేదు, కంపెనీ మాత్రం మీడియం నుంచి స్మాల్‌కి, స్మాల్ నుంచి మైక్రోకి చిక్కిపోయింది!

పక్కనే ఇంకో కంపెనీ. పన్నెండు మంది, లాప్‌టాప్‌లు హోల్‌సేల్‌గా అమ్ముతారు, అంతా దేశంలోనే. మార్జిన్ మూడు శాతం ఉంటే గొప్ప, కానీ టర్నోవర్ 110 కోట్లు. సర్టిఫికెట్ మీద "మీడియం". పన్నెండు మంది మీడియం, ఆరొందల మంది మైక్రో. ఇక ఆ డ్రాప్‌డౌన్‌కి "కంపెనీ సైజు" అని ఎలా పేరు పెడతారో మీరే చెప్పండి.

"అయితే ఏంటి నష్టం? ఎగుమతులు చేసేవాళ్ళని ప్రోత్సహించడానికే కదా ఆ మినహాయింపు" అంటారేమో. ఒప్పుకుంటాను. ఎగుమతులు పెరిగాయన్న పాపానికి రాయితీలు పోకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ లేబుల్ ఎగుమతుల దగ్గరే ఆగిపోదు, ఇక్కడి టెండర్లలోకీ వస్తుంది. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ళ విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్ళలో ఏటా 25 శాతం మైక్రో, స్మాల్ సంస్థల నుంచి తీసుకోవాలి. వాళ్ళకి ఈఎండీ కట్టక్కర్లేదు. అందరికంటే తక్కువ కోట్ చేసింది పెద్ద కంపెనీ అయితే, దానికి 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న సంస్థ, ఆ ధరకి దిగొస్తానంటే, కొంత వాటా దక్కించుకోవచ్చు.

నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ముప్పై మందితో కూకట్‌పల్లిలో సొంత దుకాణం నడుపుతున్నాడు. టర్నోవర్ నాలుగు కోట్లు, అంతా ఇక్కడి పనే. వాడూ మైక్రోనే. ఒక ప్రభుత్వ రంగ సంస్థ టెండర్లో వాడి పక్కన మన ఆరొందల మంది బాపతు కంపెనీ ఒకటి నిలబడింది, అదే "మైక్రో" పేరుతో. ఈఎండీ ఇద్దరికీ లేదు, ధర వెసులుబాటు ఇద్దరికీ ఉంది. కానీ వాళ్ళ దగ్గర బెంచ్ మీద కూర్చున్న జనం ఉన్నారు, చూపించుకోడానికి పదేళ్ళ ప్రాజెక్టులున్నాయి. వీడి దగ్గర ఏముంది? చిన్నవాణ్ణి కాపాడ్డానికి పెట్టిన గొడుగు కింద పెద్దవాడు నిలబడితే, తడిసేది చిన్నవాడే.

సైజు సంగతి ఇలా ఉంటే, "మీ పని ఏంటి" అన్న గడి ఇంకో తంతు. సర్టిఫికెట్ మీద తయారీ, సేవలు, ట్రేడింగ్ అని ప్రధాన కార్యకలాపం ఒకటి ఉంటుంది. దాని కింద ఎన్ఐసీ కోడ్లు. 62011 అంటే క్లయింట్ కోసం ప్రోగ్రాములు రాయడం, 62013 అంటే సాఫ్ట్‌వేర్ సపోర్ట్, మెయింటెనెన్స్. ఇవి నింపేది దరఖాస్తు పెట్టేవాళ్ళే, ఎన్నైనా పెట్టుకోవచ్చు. మనుషుల్ని సరఫరా చేయడానికి 78తో మొదలయ్యే కోడ్లు వేరే ఉన్నాయి. కానీ నెలకింతని మనుషుల్ని వేరే కంపెనీలో కూర్చోబెట్టడం తప్ప ఇంకేం చేయని సంస్థ కూడా 62011 పెట్టుకోవచ్చు. కోడ్ చూసి "ఓహో, ప్రోడక్ట్ చేస్తారేమో" అనుకుని చేరిన ఫ్రెషర్‌కి రెండో వారంలో తెలుస్తుంది.

ఈ గడి ఉత్త అలంకారం అనుకోకండి, దీని మీద డబ్బులు ఆధారపడి ఉన్నాయి. మైక్రో, స్మాల్ సంస్థ నుంచి పని తీసుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బులివ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. లేటైతే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. మీడియంకి ఈ రక్షణ లేదు. ట్రేడర్లకీ లేదు. 2021 జూలైలో చిల్లర, హోల్‌సేల్ వ్యాపారుల్ని కూడా ఎంఎస్ఎంఈల్లో చేర్చారు కానీ, ఆ చేర్చడం ప్రాధాన్యరంగ బ్యాంకు రుణాల వరకే అని అప్పుడే చెప్పేశారు.

ఇప్పుడు ఎనిమిది మందితో నడిచే నెట్‌వర్కింగ్ షాపు ఒకటి తీసుకోండి. స్విచ్‌లు, రౌటర్లు తెచ్చి బిగిస్తారు, ఏడాదంతా మెయింటెనెన్స్ చూస్తారు. బిల్లుల్లో ఎక్కువ మొత్తం సామాన్లదే, కష్టమంతా సేవలది. వీళ్ళు ట్రేడింగా, సేవలా? ట్రేడింగ్ అని నొక్కితే 45 రోజుల హక్కు గోవిందా. నాలాంటివాడు రాసిన వెండార్ సాఫ్ట్‌వేర్ ఆ గడి చూసి, వాళ్ళ బిల్లుకి "అర్జెంటు" అన్న గుర్తు తీసేస్తుంది. ఎనిమిది మంది జీతాలు ఒక డ్రాప్‌డౌన్‌లో ఇరుక్కున్నాయన్నమాట. ఆ ఫారం నింపింది ఏ ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడో అయ్యుంటాడు.

ఇంకో కిటికీ కూడా తెరిచే ఉంది. లెక్కంతా పాన్ నంబరు మీద. ఒకే పాన్ కింద ఎన్ని యూనిట్లున్నా కలిపే చూస్తారు, బాగానే ఉంది. కానీ ఒకే యజమాని నాలుగు పాన్లతో నాలుగు కంపెనీలు పెడితే? నాలుగూ వేరు వేరు. యూరోపియన్ యూనియన్ 2003లో ఇచ్చిన నిర్వచనం చూడండి. మైక్రో అంటే పదిమంది లోపు, స్మాల్ అంటే యాభై లోపు, మీడియం అంటే 250 లోపు. మనుషుల లెక్క దాటితే డబ్బు లెక్క తక్కువున్నా కుదరదు. పైగా వెనకాల మాతృసంస్థ ఉంటే దాని మనుషుల్ని, టర్నోవర్ని కూడా కలుపుతారు. అక్కడ మన ఆరొందల మంది కంపెనీ మీడియం కూడా కాదు.

మనుషుల లెక్కొక్కటే సరిపోతుందని నేననడం లేదు. నూట యాభై మంది కుట్టుపని చేసే యూనిట్‌నీ, నూట యాభై మంది కోడ్ రాసే కంపెనీనీ ఒకే గాటన కట్టడం అన్యాయమే. నేను అడిగేది రెండే. కొనుగోళ్ళలో రిజర్వేషన్ కోసం అయినా ఎగుమతులు తీయని మొత్తం టర్నోవర్ చూడండి. వర్గం పక్కన ఉద్యోగుల సంఖ్య కూడా చూపించండి, ఎలాగూ మీరే అడిగి తీసుకుంటున్నారు కదా.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఉంది. ఏ కంపెనీ సైజైనా తెలుసుకోవాలంటే ఉద్యమ్ సర్టిఫికెట్ పక్కన పెట్టి, ఈపీఎఫ్ఓ సైట్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ చేయండి, ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎంసీఏ సైట్లో కొద్దిపాటి ఫీజు కట్టి బ్యాలెన్స్ షీట్, లాభనష్టాల ఖాతా చూడొచ్చు, ఎగుమతులతో కలిపి అసలు టర్నోవర్ ఆ లాభనష్టాల ఖాతాలో ఉంటుంది. సర్టిఫికెట్ మీద వర్గం చూసేటప్పుడు పక్కన ఏ ఏడాదికి ఆ వర్గం ఇచ్చారో కూడా చూడండి, పరిమితులు మారినప్పుడల్లా అది మారుతుంది.

వెండార్ సాఫ్ట్‌వేర్ రాసే సోదరులకి ఒక మనవి. ఆ ఫీల్డ్ పేరు `company_size` అని ఉంటే, రేపే మార్చి `msme_category` అని పెట్టండి. ఆ గడి చెప్పేది ఒక్కటే, ఈ కంపెనీ ఏ రాయితీకి అర్హమో. ఎంత పెద్దదో, ఏం పని చేస్తుందో అది చెప్పదు. చెప్పని మాటని దాని నోట్లో పెట్టేది మనమే.