బొటనవేలు ఎత్తితే ఒప్పుకున్నట్టేనా?

డాలస్‌లో ఉదయం ఎనిమిదిన్నర. హైదరాబాద్‌లో రాత్రి ఏడు. 'కస్టమర్ టేబుల్‌లో పాత రికార్డులు ఈ రాత్రి తీసేయమంటారా?' అని హైదరాబాద్ నుంచి టీమ్ చాట్‌లో మెసేజ్ వచ్చింది. ఆఫీసుకు బయలుదేరుతున్న డాలస్ మేనేజర్ దాని కింద 👍 పెట్టారు. 'చూశాను, వెళ్లాక మాట్లాడతాను' అని ఆయన ఉద్దేశం. 'కానివ్వండి' అని అవతలివారికి అర్థమైంది. రెండు గంటల్లో రికార్డులు పోయాయి. బ్యాకప్ నుంచి వాటిని తిరిగి తేవడానికి ఆ రోజంతా పట్టింది. నేను పనిచేసిన ఒక టీమ్‌లో జరిగిన సంగతి ఇది.

ఎమోజీల తకరారు అనగానే నవ్వుముఖాన్ని ఎవరో వెటకారం అనుకున్నారనే కథలే గుర్తొస్తాయి. పనిచోట అసలు నష్టం అక్కడ కాదు. 'చూశాను', 'ఒప్పుకున్నాను' అనే రెండు వేర్వేరు మాటలకు ఒకే గుర్తు వాడటంలో ఉంది.

ఈ తేడా కోర్టుకూ వెళ్లింది. కెనడాలోని సస్కాచెవాన్‌లో 2021లో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ అవిసె గింజల ఒప్పందాన్ని ఫోటో తీసి రైతుకు పంపి, ఖరారు చేయమంది. రైతు 👍 పంపారు. ధర పెరిగింది, గింజలు రాలేదు. కాగితం అందిందని చెప్పడమే తన ఉద్దేశమని రైతు వాదించారు. అంతకుముందు ఒప్పందాలకు ఆయన 'ఓకే', 'యప్' వంటి పొట్టి జవాబులే ఇచ్చి సరుకు పంపిన సంగతిని జడ్జి కీన్ పరిగణనలోకి తీసుకున్నారు. ఈ 👍 కూడా అంగీకారమేనని 2023లో తీర్పు చెప్పి, 82 వేల కెనడా డాలర్లకు పైగా చెల్లించమన్నారు. 2024లో అప్పీలు కోర్టూ దాన్ని సమర్థించింది. గుర్తుకు అర్థం ఇచ్చింది ఆ ఇద్దరి మధ్య ముందు నుంచీ ఉన్న అలవాటే.

మన టీముల్లో అలాంటి ఉమ్మడి అలవాటు ఉండదు. 'శుక్రవారానికి అయిపోతుందా?' అని అమెరికా మేనేజర్ అడిగితే, పైవారికి కాదని చెప్పలేక హైదరాబాద్ కుర్రాడు 👍 పెడతాడు. అతని లెక్కలో అది 'మీ మాట అందిందండీ' అనడం. ఆమె దాన్ని హామీగా రాసుకుంటుంది. ఇది దేశాల తేడా మాత్రమే కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒకే ఎమోజీ బొమ్మను పలువురికి చూపిస్తే, అది మంచి భావమా, చెడు భావమా, ఏదీ కాదా అన్న దానిపైనే నాలుగో వంతు సందర్భాల్లో ఏకాభిప్రాయం లేదు.

ఆ రికార్డుల గొడవ తర్వాత మా టీమ్ చేసిన పని చిన్నదే. పాత మెసేజ్‌లు పది తీసి, వాటి కింద ఉన్న గుర్తుకు అర్థం ఏమిటో ఎవరికివారు విడిగా రాశాం. ఎక్కువ తేడా వచ్చింది 👍 దగ్గరే. అందుకే నాలుగు గుర్తులకు మాత్రం అర్థం ఖాయం చేశాం.

👀 అంటే చూశాను, ఇంకా ఏమీ ఒప్పుకోలేదు.
👍 అంటే ఒప్పుకున్నాను, ముందుకు వెళ్లండి.
✋ అంటే ఆగండి, నాకు ప్రశ్న ఉంది.
✅ అంటే పని పూర్తయింది.

ఏ గుర్తూ లేకపోతే చూడలేదనే లెక్క. మౌనం అంగీకారం కాదు. 👀 వచ్చాక బయటపడటం తేలికైంది, 'కాదు' అనలేనివారికి ✋ దారి చూపింది. మిగతా ఎమోజీలు సరదాకే. 🙏 కూడా అంతే, మనకు నమస్కారం, కొందరికి ప్రార్థన. ఒక్క 👌 విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాం. మనకది 'సూపర్'. కానీ ఆ చేతి సైగను శ్వేతజాత్యహంకారులు కొందరు వాడుతున్నారని అమెరికాలోని యాంటీ డిఫమేషన్ లీగ్ 2019లో తన ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. ఎక్కువమంది మామూలు అర్థంలోనే వాడతారని ఆ సంస్థే చెప్పినా, ఆఫీసు చాట్‌లో అనుమానానికి చోటెందుకని వదిలేశాం.

ఈ ఏర్పాటుకూ హద్దుంది. చాట్‌లో పెట్టిన గుర్తును ఒక్క నొక్కుతో తీసేయవచ్చు. అందుకే డేటా తొలగింపు, డబ్బు, సెలవు, గడువు వంటి వాటికి గుర్తు చాలదు. 'సరే, ఈ రాత్రి తీసేయండి' అని మాటల్లోనే రాయాలి. కొత్తవారు చేరిన రోజే ఈ నాలుగింటినీ చెప్పాలి. 'మీ 👍 అంటే సరేననేనా?' అని ఎవరైనా మళ్లీ అడిగితే, ఆ అర్థం వారిదాకా చేరలేదని తెలుసుకోవాలి.