కౌలు కాగితం రాస్తే భూమి పోతుందా?

వెస్ట్‌మీడ్‌లో మనం అద్దెకుండే ఫ్లాట్‌కు రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. ఓనరు నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయించలేడు. అదే మనలో చాలామంది ఊర్లో ఉన్న ఐదెకరాలను మాత్రం నోటిమాట మీద కౌలుకు ఇస్తాం. కాగితం రాయమంటే "రేపు భూమి నాదే అంటడు" అని భయపడతాం.

ఈ భయం వెనుక 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం ఉంది. అంతకు ముందు నుంచి ఏళ్ల తరబడి ఆ భూమినే సాగు చేస్తున్నవారిని అది రక్షిత కౌలుదార్లుగా రిజిస్టర్‌లో ఎక్కించింది. తర్వాత చేర్చిన 38-ఇ సెక్షన్ వారిలో అర్హులను యజమానులను చేసింది. మనకు గుర్తున్నది ఇదే. అయితే ఆ హోదా ఆనాటి కౌలుదార్లకు, వారి వారసులకే. ఈ ఏడాది కౌలుకు తీసుకున్న రైతుకు అది రాదు. పైగా కౌలు కాగితం మీద సంతకం పెట్టినవాడు భూమి ఇంకొకరిదని ఒప్పుకున్నట్టే. అంటే కాగితం మనకూ రక్షణే.

కాగితం లేకపోతే నష్టమంతా దున్నేవాడిదే. ఒక లెక్క చూద్దాం. ఎకరానికి 15 వేల చొప్పున ఐదెకరాలకు 75 వేల కౌలు ముందే కట్టాడనుకుందాం. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4 వేలు. రెండు పంటలకు ఆ ఐదెకరాల మీద 40 వేలు పట్టాదారు ఖాతాలో, అంటే మన ఖాతాలో పడ్డాయి. రైతుబీమా 5 లక్షలూ పట్టాదారుకే. పత్తి ఎండినా, మనిషి పోయినా కౌలుదారు పేరు ఎక్కడా లేదు. 2020లో ధరణి వచ్చాక పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కూడా పోయింది.

2011 చట్టం కింద కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వొచ్చు. దానికి యజమాని సంతకం అక్కర్లేదు, దానివల్ల భూమి మీద హక్కూ రాదు. కానీ అది ఏడాదికే చెల్లుతుంది, బేదఖలును ఆపదు. పైగా "కార్డు తీసుకుంటే వచ్చే ఏడు కౌలుకు ఇయ్య" అని యజమాని ఒక్కమాట అంటే రైతు దరఖాస్తే పెట్టడు.

భూమి వదిలించాలంటే యజమాని తహసీల్దార్ దగ్గరికి పోవాలని, కౌలు కట్టకపోవడం లాంటి కారణం చూపాలని 1950 చట్టమే చెప్పింది. నోటికౌలులో ఆ రక్షణ పనిచేయదు. తాను కౌలుదారునని రైతు రుజువు చేసుకోలేడు గనక.

తెలంగాణ కోసం సిడ్నీలో జెండా పట్టినవాళ్లం. ప్రభుత్వాన్ని అనుభవదారు కాలమ్ అడుగుదాం, తప్పకుండా. కానీ ఈ వానాకాలానికి ముందే మన కౌలుదారుకు మూడేళ్ల కాగితం రాసిద్దాం. సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలు మొత్తం, పంట చేతికొచ్చేదాకా భూమి అడగనన్న మాట. ఒక్క పేజీ చాలు.