సెలూను అద్దెకు రెండు మాసాల గడువు

క్రిందటి సంవత్సరం అక్టోబరు ఆఖరున, బెళ్ళందూరులో సెలూను నడుపుకుంటున్న మనవాడొకడు కాగితం ముక్క ఒకటి చేతబట్టుకుని మా యింటికి వచ్చాడు. అది తన దుకాణం యజమానికి ఇవ్వదలచిన ఉత్తరం. “బాబాయిగారూ, ఒక్కసారి చూచి పెట్టండి. మాట పొల్లుపోతే ఆయనకు కోపం వస్తుంది” అన్నాడు.

ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి. వ్యాపారం బొత్తిగా బాగా లేదనీ, తాను పిల్లలు గలవాడననీ, దయతో అద్దె తగ్గించవలెననీ, కావలసివస్తే అడ్వాన్సులో మినహాయించుకోవచ్చుననీ వ్రాశాడు.

“ఎంత తగ్గించమంటావు? ఎన్నాళ్ళు?” అని అడిగాను.

“వారి దయ” అన్నాడు.

చిక్కంతా అక్కడే ఉన్నది. ఎంత, ఎన్నాళ్ళు అన్నది చెప్పని అర్జీని చదివే యజమాని, అద్దె ఇక ఎప్పటికీ తగ్గిపోయినట్లే అనుకుంటాడు. మన చదువరులలో అద్దె ఇచ్చేవారూ ఉన్నారు, పుచ్చుకునేవారూ ఉన్నారు. అందుచేత ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చుని ఆ ఉత్తరాన్ని ఎట్లా తిరగవ్రాశామో చెపుతాను.

మొదట తేల్చుకోవలసింది, ఈ మాంద్యం ఏటేటా వచ్చిపోయేదా, లేక వచ్చి నిలిచిపోయేదా అన్నది. అతని ఖాతాదారులలో చాలామంది చుట్టుపక్కల ఆఫీసులలో పనిచేసే మన ఆంధ్ర, తెలంగాణ యువకులు. నవంబరు నడిమికి అయ్యప్ప దీక్షలు మొదలవుతాయి. మాల వేసుకున్న స్వాములు నలభై ఒక్క దినాలు క్షౌరం చేయించుకోరు, గడ్డం గీయించుకోరు. కొందరు మకరజ్యోతి దాకా మాల తీయరు. ఆ పైని సంక్రాంతికి సగం మంది ఊళ్ళకు పోతారు. ఇట్లా డిసెంబరు యావత్తూ, జనవరిలో సగానికి పైగా కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

అతనికి మంచి అలవాటొకటి ఉన్నది. రోజుకు ఎన్ని తలలు అయినవీ నోటుపుస్తకంలో గీతలు గీస్తాడు. రెండేళ్ళ గీతలు లెక్కపెట్టాము. మామూలు మాసంలో రోజుకు ముప్పది అయిదు, డిసెంబరులో ఇరువది అయిదు. రెండు సంవత్సరాలూ ఫిబ్రవరి రాగానే మళ్ళీ ముప్పది అయిదుకు చేరింది. ఫిబ్రవరిలో లేవకుండా ఉంటే గడువు అడగడం వృథా. అప్పుడు అడగవలసింది అద్దె ఒప్పందాన్నే మార్చమని, లేదా చిన్న దుకాణం చూచుకోవాలి. పోయి తిరిగివచ్చే రాబడికే గడువు అనేది సరిపడే మందు.

తరువాత లెక్క వేశాము. తలకు సగటున 230 రూపాయలు. మంగళవారాలు మూసివేయగా మాసానికి ఇరువది ఆరు దినాల పని. మామూలు మాసంలో సుమారు 2,10,000 వస్తుంది. అద్దె 48,000, ముగ్గురు పనివారి జీతాలు 69,000, బ్లేడులు, క్రీములు, రంగులు, తువ్వాళ్ళ ఉతుకు కలిసి 25,000, కరెంటు, నీళ్ళు 10,000, కుర్చీలకు తెచ్చిన అప్పు వాయిదా 15,000. అన్నీ పోగా ఇంటికి 43,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు 30,000.

డిసెంబరులో రాబడి 1,50,000. సామాను ఖర్చు 18,000కూ, కరెంటు 8,000కూ దిగుతాయిగాని అద్దె, జీతాలు, వాయిదా కదలవు. మొత్తం ఖర్చు 1,58,000. అంటే దుకాణంలోనే ఎనిమిది వేలు తరుగు, ఇంటికి పైసా లేదు.

“పనివారినొకరిని మానిపిస్తే?” అన్నాను.

“డిసెంబరులో మానిపిస్తే ఫిబ్రవరికి చెయ్యి దొరకదు బాబాయిగారూ. వాడి వెంబడి వాడి గిరాకీ కూడా పోతుంది” అన్నాడు. నిజమే. సెలూనుకు వచ్చేవారిలో చాలామంది వచ్చేది దుకాణానికి కాదు, ఆ చేతికి.

సగం అద్దె, అనగా 24,000, రెండు మాసాలు వాయిదా వేస్తే దుకాణం నుంచి నెలకు 16,000 ఇంటికి వస్తుంది. తక్కిన 14,000 అతడు చీటీ డబ్బులోనుంచి తీసుకుంటాడు. కనుక అడగవలసింది మాఫీ కాదు, 48,000 రూపాయల బాకీకి గడువు. మాఫీ అడిగితే యజమానికి నష్టం, గడువు అడిగితే ఆలస్యం మాత్రమే.

తిరిగి కట్టేది ఎట్లా? నాలుగు మాసాలలో నెలకు 12,000 చొప్పున కట్టేస్తానన్నాడు. 43,000లో 12,000 పోతే 31,000 మిగులుతుంది, ఇంటికి 30,000 కావాలి. ఒక పిల్లవాడికి జ్వరం వస్తే ఆ వెయ్యి ఎక్కడికి చాలుతుంది? మాట తప్పిన వాయిదా మొదటి అర్జీకంటె చెడ్డది. ఆరు మాసాలకు 8,000 చొప్పున మార్పించాను. అప్పుడు నెలకు అయిదు వేలు చేతిలో ఉంటుంది.

అడ్వాన్సు మాటను కొట్టివేశాము. ఆ పైకం దుకాణానికి జరిగే నష్టానికీ, చివరకు మిగిలే బాకీకీ యజమాని చేతిలో ఉండే హామీ. దానిని తినివేయమని అడిగితే, వీడు ఖాళీ చేసి పోయే ఆలోచనలో ఉన్నాడన్న అనుమానం పుడుతుంది.

చివరకు ఉత్తరం ఇట్లా తయారైంది:

“పెద్దలు శ్రీ రెడ్డిగారికి నమస్కారములు. తమ దుకాణంలో తొమ్మిదేళ్ళుగా సెలూను నడుపుకుంటున్నాను. ఇంతవరకు అద్దె ప్రతినెలా అయిదో తేదీలోగా ముట్టజెప్పినాను. అయ్యప్ప దీక్షల కారణంగా డిసెంబరు, జనవరి మాసాలలో నా రాబడి మూడవవంతు దాకా తగ్గుతున్నది. గడచిన రెండు సంవత్సరాల లెక్క దీనితో జతపరచినాను. ఫిబ్రవరిలో తిరిగి పెరిగిన సంగతి కూడా అందులో కనబడుతుంది. ఈ రెండు మాసాలకు అద్దెలో సగం, అనగా 24,000 రూపాయలు, అయిదో తేదీన చెల్లించి, మిగిలిన సగానికి గడువు ఇప్పించవలెనని కోరుతున్నాను. ఆ విధంగా నిలిచే 48,000 రూపాయలను ఫిబ్రవరి నుంచి జూలై వరకు నెలకు 8,000 చొప్పున, ఆ నెల అద్దెతో కలిపి చెల్లించగలను. నెల అద్దె 48,000గానే ఉంటుంది. ఒప్పందంలోని సాలుసరి పెంపు, అడ్వాన్సు, తక్కిన షరతులు ఏవీ మారవు. ఏ నెలనైనా వాయిదా తప్పితే మిగిలిన బాకీ అంతా ఒక్కసారి అడిగే హక్కు తమకు ఉన్నది. తమకు సమ్మతమైతే ఈ ఉత్తరం రెండవ ప్రతిమీద సంతకం చేసి ఇప్పించ ప్రార్థన.”

ఇందులో యజమానికి ధైర్యం చెప్పే వాక్యం, నెల అద్దె 48,000గానే ఉంటుందన్నది. రెండు నెలలు సగం పుచ్చుకుంటే రేపు అదే అద్దె అంటాడేమోనన్నది యజమానుల భయం. ఆ భయాన్ని అద్దెకున్నవాడే తీర్చాలి. దుకాణం ఖాళీ అయితే తమకే నష్టమన్న మాట మాత్రం మేము వ్రాయలేదు. రెండు నెలలు తాళం పడితే 96,000 పోతుందని ఆ లెక్క యజమానికి మనకంటె బాగా తెలుసు. మనం వ్రాస్తే అది బెదిరింపు అవుతుంది.

అతడు వెళ్ళబోతూ మరొక ప్రశ్న వేశాడు. “ఆయన ఒప్పుకోకపోతే సగమే కట్టి ఊరుకుంటే ఏమవుతుంది?”

అట్లా చేయవద్దన్నాను. 2020లో కరోనా లాక్‌డౌను వచ్చినప్పుడు ఢిల్లీ ఖాన్ మార్కెట్టులోని ఒక దుకాణపు అద్దెదారులు, వ్యాపారం నిలిచిపోయింది గనుక అద్దె నిలుపుదల చేయమని హైకోర్టును అడిగారు. ఆ సంవత్సరం మే 21న కోర్టు నిలుపుదలకు ఒప్పుకోలేదు. కట్టవలసిన గడువును మాత్రం కొంత సడలించింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 108వ సెక్షను, అగ్ని, వరద వంటివాటివల్ల ఆస్తిలో ముఖ్యభాగం నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, ఒప్పందాన్ని రద్దు చేసుకునే అవకాశం అద్దెదారుకు ఇస్తుంది. గిరాకీ తగ్గడం అందులోకి రాదు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు చుట్టూ రోడ్లు చెరువులైనప్పుడుకూడా, నీళ్ళు తీసి కడిగి మళ్ళీ తెరిచిన దుకాణానికి ఈ సెక్షను వర్తిస్తుందని చెప్పడం కష్టం. ఒప్పందంలోనే వేరే షరతు వ్రాసుకుని ఉంటే అది వేరు. లేకపోతే దారి ఒక్కటే, యజమాని సమ్మతి. అది కాగితంమీద ఉండాలి.

ఉత్తరం పంపించే ముందు స్వయంగా వెళ్ళి మాట్లాడమన్నాను. ఆ యజమానులు బెళ్ళందూరు పాత రెడ్డి కుటుంబంవారు. ఊరు పల్లెగా ఉన్ననాటి నుంచీ అక్కడివారే, ఇంట్లో తెలుగే. చెప్పకుండా తపాలాలో కాగితం వస్తే వారి మనసు నొచ్చుకుంటుంది.

నవంబరు మొదటి వారంలో వెళ్ళాడు. రెడ్డిగారు లెక్కల కాగితం రెండుసార్లు చదివి, “నాకూ బ్యాంకు వాయిదా ఉందిరా అబ్బాయీ, పదో తేదీన కట్టాలి” అన్నారట. మావాడికి గుండె జారింది. డిసెంబరుకు సగం గడువు సరేగాని, జనవరికి మూడవవంతే ఇస్తానన్నారట ఆయన. అనగా 16,000. జనవరి రెండవ సగంలో గిరాకీ తిరుగుతుంది గదా అన్నది ఆయన వాదన. అది న్యాయమే. నోటుపుస్తకం గీతలు కూడా అదే చెపుతున్నాయి. మొత్తం బాకీ 40,000 అయింది, అయిదు వాయిదాలు. అంకెలు దిద్ది ఇద్దరూ సంతకాలు చేశారు. జనవరిలో తగ్గిన ఎనిమిది వేలూ మావాడు చీటీలోనుంచే సర్దుకున్నాడు.

ఏప్రిల్‌లో అతని తల్లికి కంటి శస్త్రచికిత్స జరిగి ఒక వాయిదా పదిరోజులు ఆలస్యమైంది. మూడో తేదీనే ఫోను చేసి ఏ రోజు ఇస్తాడో చెప్పాడు, ఆ రోజే ఇచ్చాడు. షరతు ప్రకారం బాకీ అంతా ఒక్కసారి అడిగే హక్కు ఉన్నా రెడ్డిగారు అడగలేదు. జూన్ అయిదున ఆఖరి వాయిదా ముట్టినట్లు ఆ రెండవ ప్రతి అడుగుననే వ్రాసి ఇచ్చారు.

మొన్న క్షౌరానికి వెళితే ఆ కాగితం అద్దం వెనుకనుంచి తీసి చూపించాడు. ఈసారి డిసెంబరుకు గడువు అడుగుతావా అన్నాను. లేదన్నాడు. ఫిబ్రవరి నుంచి మే వరకు నెలకు అయిదు వేల చొప్పున చీటీలో అదనంగా వేస్తూ వచ్చాడట. అట్లా 20,000 అయింది. డిసెంబరు లోటుకు అది చాలదని తనకూ తెలుసు, అందుకే దీపావళిలోగా మరొక పదివేలు చేర్చే ప్రయత్నంలో ఉన్నాడు.