రూల్ ఒక్కటే చెబితే సరిపోదు

ఐటీ సర్వీస్ డెస్క్‌లో చేరితే, మీ షిఫ్ట్ టీమ్ లీడ్ పెట్టే ఉదయం మెసేజ్‌తో మొదలవుతుంది. పద్ధతి మారినప్పుడు అందులో కారణం కూడా ఉండి తీరాలంటాను.

ఈ మెసేజ్ చూడండి: ‘ఈ రోజు నుంచి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే వెంటనే పాస్‌వర్డ్ రీసెట్ చేయొద్దు. కాల్ కట్ చేసి, రికార్డుల్లో ఉన్న నంబర్‌కు మనమే చేయాలి.’

రూల్ స్పష్టంగానే ఉంది. పదింటికి ఒకాయన ఫోన్ చేస్తారు. ‘క్లయింట్ మీటింగ్‌లో ఉన్నా. ఆ ఫోన్ పోయింది. త్వరగా చెయ్యి బాబూ’ అంటారు. ఎంప్లాయీ ఐడీ, పుట్టినతేదీ సరిగ్గా చెబుతారు. కొత్త కుర్రాడు జాలిపడి చేసేస్తాడు.

‘ఆ వివరాలు బయటివాళ్లకూ దొరుకుతాయి. ఉద్యోగిలా నటించి పాస్‌వర్డ్ మార్పించుకునే మోసాలున్నాయి’ అని కూడా రాసి ఉంటే, ఆ తొందరే అతనికి అనుమానం కలిగించేది.

మరి నిజంగానే ఫోన్ పోతే? ‘రికార్డుల్లోని నంబర్ చూసి వాళ్ల మేనేజర్‌కు మనమే ఫోన్ చేయాలి. ఆయన నిర్ధారించేదాకా రీసెట్ వద్దు’ అని దారి చూపాలి.

తిరిగి కాల్ చేయడానికి టైమ్ పడుతుంది, క్యూ పెరుగుతుంది. అందుకే ‘లాగిన్ సమస్యలు ముందు, కొత్త సాఫ్ట్‌వేర్ రిక్వెస్టులు మధ్యాహ్నం’ అని ఆగే పనేదో కూడా చెప్పాలి.

ఇవేవీ మెసేజ్‌లో లేకపోతే మొదటి కాల్ తీసుకునేలోపే అడగండి: ఎందుకు మారింది? కుదరకపోతే ఎవరిని అడగాలి? ఏ పని ఆపాలి?