నలుపు, చామనఛాయ అని టిక్కు పెడితే అది కొలత కాదు

ఒంటి రంగు కొలవడమంటేనే అవమానం, ఏ రీసెర్చి వాళ్లొచ్చినా చెయ్యి చాపొద్దని గ్రూపులో కొందరు అన్నలు అంటున్నారు. ఆ కోపం మాకూ ఉంది. కానీ ఆ నిర్ణయం మనకే నష్టం అంటున్నాం.

కోపానికి కారణం ఉంది. పలాస, టెక్కలి గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో థర్‌స్టన్ అనే దొర మద్రాసు ప్రెసిడెన్సీలో జనాల తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మన సవరలూ అందులో ఉన్నారు. ఆ కాలంలోనే బెర్లిన్‌లో ఫాన్ లూషాన్ 36 రంగుల గాజు బిళ్లలు తయారుచేశాడు. ఎండ తగలని చర్మం పక్కన బిళ్లలు పెట్టి, ఏది కలిస్తే ఆ నంబరు రాసుకునేవారు. మనుషుల్ని జాతులుగా విడగొట్టడానికే వాడారు. పోనీ కొలతగా అయినా నిలబడిందా? ఒకే చేతికి ఇద్దరు చూస్తే రెండు నంబర్లు వచ్చేవి. వెలుతురు మారితే ఇంకోటి.

ఇప్పటి స్పెక్ట్రోఫొటోమీటర్‌కి కంటితో పనిలేదు. ముందు తెల్ల బిళ్ల మీద సరిచూసుకుంటారు. తర్వాత చర్మానికి ఆనిస్తే అది వెలుగు వేసి, ఏ రంగు వెలుగు ఎంత తిరిగొచ్చిందో లెక్కిస్తుంది. దాన్నుంచి L* (0 నలుపు, 100 తెలుపు), b* (పసుపుదనం) వస్తాయి. వాటితో ఒక కోణం కడతారు:

```
ITA = arctan((L* - 50) / b*) × 180 / π
```

జీడితోటలో పనిచేసే ఒక మనిషిని అనుకుందాం. భుజం లోపలివైపు L* 40, b* 18 వస్తే కోణం సుమారు −29. ముంజేతి పైన L* 34, b* 15 వస్తే సుమారు −47. వాడుకలో ఉన్న విభజనలో −30 కంటే దిగితే ‘నలుపు’, దానిపైన ‘గోధుమ’. మనిషి ఒక్కడే, పేర్లు రెండు. అందుకే ఎక్కడ కొలిచారో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. గట్టిగా నొక్కినా రక్తం పక్కకుపోయి చర్మం తేలికగా కనిపిస్తుంది.

ఇదంతా మనకేటి అంటారా? ఆసుపత్రిలో వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు చర్మం గుండా వెలుగు పంపే పనిచేస్తుంది. 2020లో అమెరికా పరిశోధకులు చూస్తే, క్లిప్పు 92 నుంచి 96 శాతం చూపించినా రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువున్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. కానీ అక్కడ చర్మం కొలవలేదు, రోగి చెప్పుకున్న జాతిని బట్టి విడగొట్టారు. మరి ఉద్దానం కిడ్నీ రోగి ఏ గడిలోకి వస్తాడు? రెండింట్లోనూ రాడు. ఆ మనిషికి క్లిప్పు ఎంత తప్పు చూపిస్తుందో ఆ లెక్క చెప్పలేదు.

కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకోవద్దు, షరతు పెడదాం. ఎందుకు కొలుస్తున్నారో మన భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. కోణం, కొలిచిన చోటు, పరికరం పేరు రాయాలి. తెగ పేరు చూసి రంగు గడి నింపకూడదు. థర్‌స్టన్ కొలిచింది మనల్ని వర్గాలుగా పెట్టడానికి. ఇప్పుడు కొలవాల్సింది వాళ్ల పరికరం మన ఒంటి మీద సరిగ్గా పనిచేస్తుందో లేదో.