గ్యారంటీ రాయకండి... గంటలు రాయండి

పీజీ అయింది. డీఎస్సీకి చదువుతున్నారు. చేతి ఖర్చులకు ఉంటుందని ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టారు. దసరా సెలవులు అయ్యాక, నవంబరు ఒకటి నుంచి కొత్త బ్యాచ్. వీధిలో పంచడానికి, వాట్సాప్‌లో పెట్టడానికి ఒక ప్రకటన కావాలి. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఏదో పెద్ద కోచింగ్ సెంటర్ కరపత్రం ముందు పెట్టుకుని, పేరు మార్చేస్తారు. అది ఇలా తయారవుతుంది:

‘నూరు శాతం ఫలితాలు గ్యారంటీ! 10/10 జీపీఏ మా లక్ష్యం! కాన్సెప్ట్ ఓరియెంటెడ్ టీచింగ్! ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ! సీట్లు పరిమితం, త్వరపడండి!’

దీన్ని చదివిన ఓ తల్లి మీకు ఫోన్ చేసిందనుకోండి. ఆమె జీపీఏ గురించి అడగదు. ‘ఎన్నింటికి వదిలిపెడతారమ్మా? మా అమ్మాయి ఒక్కత్తే రావాలి. బళ్లో స్టడీ అవర్స్ ఉంటాయి, ఆ టైముకి అందుకుంటుందా? బ్యాచ్‌లో ఎంతమంది? ఫీజెంత?’ అంటుంది. ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ మీ కరపత్రంలో జవాబు లేదు. పైగా జీపీఏ అన్న మాటే పాతబడిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పదో తరగతికి మార్కులే ఇస్తున్నారు. ఎవరి కరపత్రం నుంచో ఎత్తి రాశారని అక్కడే తెలిసిపోతుంది.

ఇక గ్యారంటీ సంగతి. అర్ధ సంవత్సర పరీక్షలో 28 మార్కులు తెచ్చుకున్న పిల్లాడు మార్చిలో 55 తెచ్చుకుంటే, నిజానికి అది మీరు గర్వపడాల్సిన ఫలితం. కానీ కరపత్రంలో 10/10 అని రాసిన పాపానికి, ఆ తండ్రి దృష్టిలో మీరు మాట తప్పినవారే అవుతారు. చట్టం సంగతీ తెలుసుకోండి. తప్పుడు గ్యారంటీ ఇవ్వడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనగానే లెక్కిస్తుంది. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్రం ప్రత్యేక మార్గదర్శకాలు కూడా తెచ్చింది. అవి 50 మందికి మించి బోధించే కేంద్రాలకు. మీ చిన్న బ్యాచ్ వాటి కిందికి రాకపోవచ్చు. అయినా పెద్దవాళ్లే రాయకూడదన్న మాట మీరెందుకు రాయాలి?

మార్కులు మీ చేతిలో లేవు. మీ చేతిలో ఉన్నవి తరగతులు. కాబట్టి ముందు కాగితం తీసుకుని వాటిని లెక్కపెట్టండి. నవంబరు ఒకటి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు సుమారు 17 వారాలు. సంక్రాంతికి ఒక వారం, ప్రీఫైనల్ పరీక్షలకు ఒక వారం తీసేస్తే 15 మిగులుతాయి. వారానికి నాలుగు తరగతులు, ఒక్కోటి గంటన్నర అనుకుంటే మొత్తం 60 తరగతులు, 90 గంటలు. పుస్తకంలో 14 అధ్యాయాలు. సగటున అధ్యాయానికి మూడు తరగతుల చొప్పున 42 పోతాయి. సంభావ్యతకు రెండు చాలు, త్రికోణమితికి నాలుగైనా కావాలి. అది మీరు సర్దుకోవచ్చు. మిగిలిన 18లో పది పరీక్షలకు, ఎనిమిది పాత ప్రశ్నపత్రాలకు. ఈ లెక్క వేసుకున్నాక ‘సిలబస్ మొత్తం మూడుసార్లు రివిజన్’ అని రాయడానికి మీకే చెయ్యి రాదు.

‘వ్యక్తిగత శ్రద్ధ’కూ ఇదే లెక్క. గంటన్నరలో 40 నిమిషాలు పాఠం చెబితే, పిల్లల నోట్సు చూడటానికి 50 నిమిషాలు మిగులుతాయి. ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు. 20 మందిని కూర్చోబెడితే రెండున్నర. అందుకే ఆ రెండు మాటల బదులు ‘బ్యాచ్‌లో ఎనిమిది మందే’ అని రాయండి. తల్లిదండ్రులు మిగతాది అర్థం చేసుకుంటారు.

‘కాన్సెప్ట్ ఓరియెంటెడ్’ అన్నదీ అంతే, వినడానికి బాగుంటుంది గానీ ఏమీ చెప్పదు. మీరు నిజంగా ఏం చేస్తారో చూడండి. x² − 5x + 6 = 0 ఇస్తే b² − 4ac కట్టాలి. చాలామంది పిల్లలు −5 వర్గాన్ని −25 అని రాస్తారు. అప్పుడు విలువ 1 రావాల్సింది −49 వస్తుంది. ‘వాస్తవ మూలాలు లేవు’ అని రాసేసి, సమాధానాలు 2, 3 అయిన లెక్కను వదిలేస్తారు. వాడికి రానిది వర్గ సమీకరణం కాదు, ఏడో తరగతిలో వదిలేసిన రుణ సంఖ్యల గుణకారం. మొదటి రోజే భిన్నాలు, రుణ సంఖ్యలు, (a + b)² వంటి వాటి మీద ఓ చిన్న పరీక్ష పెడితే ఈ లోటు బయటపడుతుంది. మీ పద్ధతి ఇదే అయితే ఇదే రాయండి.

ఇప్పుడు ప్రకటన తిరగరాస్తే ఇలా ఉంటుంది:

‘పదో తరగతి గణితం, రాష్ట్ర సిలబస్. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 6.30 నుంచి 8 వరకు, ఆదివారం ఉదయం 7 నుంచి 8.30 వరకు. మొత్తం 60 తరగతులు. బ్యాచ్‌లో ఎనిమిది మందే.

మొదటి రోజు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పునాది లెక్కల మీద పరీక్ష పెట్టి, ఎక్కడ లోటుందో తల్లిదండ్రులకు చెబుతాం. రోజూ 40 నిమిషాలు పాఠం, 50 నిమిషాలు పిల్లలే లెక్కలు చేయడం. మొత్తం పది పరీక్షలు. దిద్దిన పేపరు ఇంటికి పంపుతాం, చూసి సంతకం చేయాలి. ఇంటి దగ్గర రోజూ అరగంట సాధన తప్పనిసరి.

ఫీజు నెలకు రూ.1,200. మేం సెలవు పెడితే ఆ తరగతి ఆదివారం చెబుతాం. బళ్లో స్టడీ అవర్స్ పెరిగితే సమయం మార్చే ముందు అందరినీ అడుగుతాం. మార్కులకు హామీ ఇవ్వలేం. రెండు తరగతులు ఉచితంగా వచ్చి చూసి చేరండి. బోధించేది: ఎమ్మెస్సీ గణితం, రెండేళ్లుగా ట్యూషన్ అనుభవం.’

ఫీజు, వేళలు, అనుభవం మీకు తగ్గట్టు మార్చుకోండి. నిరుటి ఫలితాలు రాయాలనుకుంటే, 90 దాటిన ఒక్కరి గురించే రాయకండి. బ్యాచ్‌లో అందరికీ అర్ధ సంవత్సరంలో ఎంత, పబ్లిక్‌లో ఎంత అన్న రెండు వరుసలూ ఇవ్వండి. పిల్లల పేర్లు, ఫొటోలు వాడాలంటే ముందు వాళ్ల అమ్మానాన్నల్ని అడగండి.

ఈ ప్రకటనకు ఫోన్లు కొన్ని తగ్గొచ్చు. ‘గ్యారంటీ లేదా?’ అని పెట్టేసేవాళ్లుంటారు. పునాది బాగా దెబ్బతిన్న పిల్లాడికి ఈ నాలుగు నెలలు సరిపోవని మొదటి పరీక్ష తర్వాత మీరే చెప్పాల్సి రావొచ్చు. ఆ మాట నవంబరులో చెబితే, తండ్రి వేరే దారి చూసుకుంటాడు. ఫిబ్రవరిలో తెలిస్తే ఫీజూ పోయింది, సమయమూ పోయింది అంటాడు.

అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి. ‘జనవరిలో ఓ తండ్రి ఈ కాగితం పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడితే, ఇది చేశానని చూపించగలనా?’ చూపించలేని వాక్యాన్ని కొట్టేయండి.