హోమ్ పేజీ వరస జాబితా కాదు: నెల సినిమా ఎంపికపై మా అభ్యంతరం



పోయిన సమావేశంలో ఒక తీర్మానం దాదాపు ఖాయమైంది. ప్రతి నెలా ఒక తెలుగు సినిమాను ఎవరి ఇంట్లో వాళ్లు చూసి, ఆదివారం కలిసి మాట్లాడుకోవాలి. అంతవరకు మంచిదే. మన చందాలు ఇంట్లో చూసుకోవడానికే గాని హాల్లో తెర కట్టి వేయడానికి కావు కాబట్టి పద్ధతి కూడా సరైనదే. కానీ ఏ సినిమా అన్న ప్రశ్నకు "టాప్ 10లో పైన ఉన్నది పెట్టేద్దాం" అన్నారు. మేము దీన్ని ఒప్పుకోవడం లేదు.

టాప్ 10 అంటే ఇప్పుడు ఎక్కువగా చూస్తున్న పది. అవి మంచి పది అని ఎవరూ చెప్పలేదు. దాని కింద కనిపించే "మీ కోసం" వరసలు మనం ఇదివరకు చూసినవాటిని బట్టి అమర్చినవి. అందుకే మీ ఇంట్లో కనిపించే వరస మా ఇంట్లో కనిపించదు. ఈ రెండింటి కిందా ఎవరి సంతకమూ లేదు. "ఇది ఎందుకు పెట్టావయ్యా?" అని అడగడానికి అక్కడ మనిషే లేడు. విమర్శకుడి జాబితాకు పేరుంటుంది. కాబట్టి అతన్ని పరీక్షించవచ్చు. మనకు బాగా తెలిసిన మూడు సినిమాల గురించి ఆయన ఏం రాశాడో చదవండి. పొగిడాడా తిట్టాడా అన్నది ముఖ్యం కాదు, మనం చూసిన సినిమానే ఆయనా చూశాడనిపించాలి. అలా అనిపిస్తే మనకు తెలియని నాలుగోదానికి ఆయన మాట నమ్మవచ్చు.

ఉదాహరణకు వనజ. కోస్తా ఆంధ్రలో ఒక జాలరి కూతురు జమీందారిణి ఇంట పనికి కుదిరి కూచిపూడి నేర్చుకునే కథ. రజనీష్ దోమలపల్లి తీశారు. 2007లో బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ తొలి చిత్రం బహుమతి వచ్చింది. అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దానికి నాలుగుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చాడు. షికాగోలో కూర్చున్న మనిషికి కనబడిన తెలుగు పిల్ల మన సమావేశంలో ఎంతమందికి తెలుసు? మేము అడిగితే రెండు చేతులు లేచాయి.

ఇంకో దారి జాతీయ అవార్డుల్లో ఇచ్చే "ఉత్తమ తెలుగు చిత్రం" పట్టిక. దాన్ని పైనుంచి చదివితే లాభం లేదు. 2018కి మహానటి, 2019కి జెర్సీ కనిపిస్తాయి. మంచివే, కానీ దాగినవి కావు. కిందనుంచి, పాత ఏళ్ల నుంచి చదవాలి. 1988 దగ్గర ఆగితే బి.నర్సింగరావు తీసిన దాసి దొరుకుతుంది. తెలంగాణలో ఒక దొర గడీలోని దాసి బతుకు అది. అర్చనకు ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. అక్కడితో ఆగకుండా దర్శకుడి పేరు పట్టుకుని పోతే 1990లో మట్టి మనుషులు తగులుతుంది. ఒక్క పేరుతో రెండు సినిమాలు.

వెతికేటప్పుడు చాలామంది ఇక్కడే ఓడిపోతున్నారు. Dasi అని కొట్టి రాలేదని వదిలేస్తారు. Daasi అని కూడా కొట్టాలి, Narsing Rao అనీ కొట్టాలి. అయినా దొరక్కపోతే హక్కుల గడువు తీరిపోయి ఉండవచ్చు. పేరు రాసి పెట్టుకుని రెండు నెలల తర్వాత మళ్లీ చూడాలి.

"జాబితాలు మాత్రం పక్షపాతం లేనివా?" అని ఒక పెద్దాయన అడిగారు. పక్షపాతం ఉంది. అవార్డుల పట్టికలోకి నిర్మాత పంపిన సినిమాలే వస్తాయి. దేశమంతటి జాబితాల్లో మనకు ఒకటి రెండు చోట్లే దక్కుతాయి, అందులో మాయాబజార్ ఎలాగూ ఉంటుంది. స్ట్రీమింగ్ సంస్థ "ఎంపిక చేసిన సంకలనం" అని పెట్టేదాంట్లో దాని దగ్గర హక్కులున్నవే ఉంటాయి. అందుకే ఒక్క జాబితాను నమ్మవద్దంటున్నాం. అన్ని జాబితాల్లోనూ ఉన్నది అందరికీ తెలిసిందే. మనం పరీక్షించిన ఒక్కరి జాబితాలోనే ఉండి, మిగతావాళ్లు వదిలేసినదాన్ని ముందు చూడాలి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మన పిల్లలకు తెలుగు బడిలో లేదు. సినిమాలోనే ఉంది. సినిమా బండి 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరుకు కెమెరా దొరికే కథ. కోలారు వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన మన ఇళ్లలో అవ్వలు మాట్లాడే యాస అందులో వినిపిస్తుంది. ఆ యాసను ఇన్నాళ్లూ తెర మీద వెక్కిరింతకే వాడారు. టాప్ 10 దాన్ని కొద్ది రోజులు చూపి మరిచిపోయింది. మనమూ మరిచిపోదామా?

మా ప్రతిపాదన ఇది. నెలకొక ఇల్లు ఒక సినిమాను సూచించాలి. ఎవరి జాబితాలో చూశారో, ఎందుకు నమ్మారో నాలుగు వాక్యాలు రాయాలి. మొదటి నెల బాధ్యత మేమే తీసుకుంటాం. వనజ ఎక్కడైనా దొరికితే వనజ, దొరక్కపోతే సినిమా బండి. కాదనేవాళ్లు తమ సినిమా పేరుతో రండి. "ట్రెండింగ్‌లో ఉంది" అన్న ఒక్క కారణంతో మాత్రం రావద్దు.